మూడేళ్ల అనుభవానికి బ్యాకెండ్ మాక్ ఇంటర్వ్యూ: మా వదిన అడిగిన ప్రశ్నలు, వేసిన మార్కులు

భీమవరంలో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లుగా బ్యాకెండ్ పని చేస్తున్నాను. రొయ్యలు కొనే వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ. పట్టుబడి రోజున చెరువు గట్టు మీద కాటా వేసి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో ఆ కౌంట్ చూసి, గుమస్తా ఫోన్‌లో ఎంట్రీ కొడితే మా సర్వర్‌లో చీటీ తయారవుతుంది, ఆ చీటీని బట్టి రైతుకు డబ్బు వెళ్తుంది. జావా, స్ప్రింగ్ బూట్, పోస్ట్‌గ్రెస్, ఇంతే మా సరంజామా. డిసెంబరులో ఉద్యోగం మారదామనుకున్నాక ముందు డబ్బు కట్టి ఒక మాక్ ఇంటర్వ్యూ తీసుకున్నాను. 45 నిమిషాలకు 3,000 రూపాయలు. ఫీడ్‌బ్యాక్ కోసం నాలుగు రోజులు ఎదురుచూస్తే వచ్చింది రెండు లైన్లు: కమ్యూనికేషన్ బాగుంది, సిస్టమ్ డిజైన్ ఇంకా మెరుగుపడాలి. ఏ జవాబు దగ్గర ఆగిపోయానో, ఏం చెప్పి ఉంటే సరిపోయేదో ఒక్క ముక్క లేదు. చాలా బాధేసింది.

సంక్రాంతికి అన్నయ్యా వదినా పాలకొల్లు వచ్చారు. వదిన హైదరాబాద్‌లో బ్యాకెండ్ ఇంటర్వ్యూలు తీసుకుంటుంది. ఆ రెండు లైన్ల ఫీడ్‌బ్యాక్ చూపిస్తే, "ఇది ఎవరికైనా రాయొచ్చు, నీ గురించి ఇందులో ఏముంది" అంది. పండగ హడావుడి అయ్యాక నాకు మాక్ తీసుకుంటానని ఒప్పుకుంది, ఒక షరతు మీద: గంటసేపు నేను తనకు మరదల్ని కాదు, క్యాండిడేట్‌ని. కనుమ వెళ్లిన మర్నాడు పొద్దున తను కింద గదిలో, నేను మేడ మీద గదిలో కూర్చుని వీడియో కాల్‌లో మొదలుపెట్టాం. ఒకే ఇంట్లో ఉండి వీడియో కాల్ ఏమిటని అమ్మ అడిగింది, కానీ అసలు ఇంటర్వ్యూ అలాగే జరుగుతుంది కాబట్టి అలాగే కావాలని వదిన పట్టుబట్టింది. "నమస్తే అండి, నా గొంతు వినిపిస్తోందా మీకు?" అని తను అడిగిన క్షణం నుంచి నాకు నిజంగానే టెన్షన్ మొదలైంది.

వదిన ముందే రెండు పేజీల స్క్రిప్టు రాసుకుంది. అయిపోయాక ఆ కాగితాలు నాకిచ్చేసింది, అందుకే ఇంత వివరంగా రాయగలుగుతున్నాను. గంటను ఇలా పంచింది: పరిచయానికి 5 నిమిషాలు, నా ప్రాజెక్టు మీద 10, ఒకే ఒక్క పెద్ద సమస్య మీద 30, చిన్న కోడ్ చర్చకు 10, నా ప్రశ్నలకు 5. ఆ అరగంటకు ఒక్క సమస్యే ఎందుకని తర్వాత అడిగాను. ఆరు విషయాలు ఐదేసి నిమిషాలు అడిగితే చదువుకొచ్చినవాళ్లూ పనిచేసినవాళ్లూ ఒకేలా కనిపిస్తారట, ఒకే విషయంలో నాలుగో ప్రశ్నకు వెళ్లేసరికి తేడా తెలిసిపోతుందట.

మార్కులు 1 నుంచి 4 వరకు. మధ్యలో రెండున్నర లాంటివి వేయకూడదని పైనే రాసుకుంది, ఎందుకంటే తేల్చుకోలేనప్పుడు చేయి అటే పోతుంది. అడిగి అడిగి చూసినా సమస్యే కనిపించకపోతే 1. హింట్ ఇచ్చాక పరిష్కారం చెబితే 2. హింట్ లేకుండా, ప్రోబ్ అడిగితే సొంతంగా చెబితే 3. అడగకముందే చెప్పి, అది ఎక్కడ పనిచేయదో కూడా చెబితే 4. మూడేళ్ల అనుభవానికి పెద్ద సమస్యలో 3 రావాలి, మిగతావాటిలో ఒక 2 ఉన్నా ఫరవాలేదు. ప్రోబ్‌కీ హింట్‌కీ తేడా నాకు అప్పటిదాకా తెలియదు. "ఇది ఎప్పుడు తప్పుతుంది?" అంటే ప్రోబ్, అందులో జవాబు లేదు. "డేటాబేస్‌లో ఏమైనా పెట్టొచ్చా?" అంటే హింట్, దారి చూపించేశారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తెలియకుండానే హింట్లు ఇచ్చేసి తర్వాత 3 వేస్తుంటారని, అందుకే తను అడిగే మాటలు అచ్చంగా ముందే రాసుకుంటానని చెప్పింది.

ప్రాజెక్టు భాగం గురించి పెద్దగా చెప్పను. రెండు ప్రోబ్‌లు మాత్రం గుర్తుంచుకోవాలి. నేను "మేము చేశాం" అన్నప్పుడల్లా "అందులో మీరు రాసినదేదండి?" అని ఆపింది. రెండోది లోడ్ గురించి. సీజన్‌లో ట్రాఫిక్ ఎక్కువగా ఉంటుందన్నాను. "ఎంత?" అంది. పీక్ రోజున సుమారు 2,000 చీటీలు, చాలావరకు తెల్లవారుజామున నాలుగు గంటల్లోనే వస్తాయని చెప్పాను. "అంటే సెకనుకు?" అని అక్కడికక్కడే లెక్క వేయించింది. నాలుగు గంటలంటే 14,400 సెకన్లు, అంటే సగటున ఏడు సెకన్లకు ఒక చీటీ. ఒక్క పోస్ట్‌గ్రెస్ సర్వర్ నిశ్చింతగా మోసే లోడ్ ఇది. స్క్రిప్టులో ఇక్కడున్న నోట్: "లెక్క వేయకుండా కాఫ్కా, షార్డింగ్ అంటే 2. లెక్క వేసి అవసరం లేదంటే 3." నాకు 3 వచ్చింది.

తర్వాత అసలు సమస్య. వదిన కావాలనే నా పనికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంది, తెలిసిన చోట ఎంత లోతుకు వెళ్తానో చూడాలని. స్క్రిప్టులో ఉన్న మాటలు ఇవి:

"చెరువు గట్టు మీద సిగ్నల్ సరిగా ఉండదు. గుమస్తా 412 కేజీల ఎంట్రీ కొట్టాడు, తిరుగుతూ తిరుగుతూ టైమ్‌అవుట్ అయింది. మళ్లీ నొక్కాడు. సాయంత్రం చూస్తే రైతు పేరు మీద 412 కేజీల చీటీలు రెండున్నాయి. ఏం జరిగి ఉంటుంది, ఎలా ఆపుతారు?"

మొదటి భాగం తేలికే. రిక్వెస్ట్ సర్వర్‌కు చేరింది, చీటీ సేవ్ అయింది, జవాబు వెనక్కి వెళ్లేటప్పుడు దారిలో పోయింది. ఫోన్‌కు మాత్రం అసలు చేరనట్టే కనిపిస్తుంది. ఈ రెండింటికీ తేడా ఫోన్ వైపు నుంచి కనిపెట్టే మార్గం లేదు కాబట్టి మళ్లీ పంపడం తప్పదు, మళ్లీ వచ్చినా ఒకే చీటీ ఉండేలా సర్వర్ చూసుకోవాలి. ఇది చెప్పాను. తను ఏమీ అనలేదు. కాసేపు అలాగే చూస్తూ ఉంది. నాకు గొంతు ఆరిపోయింది, ఏదో ఒకటి చెప్పాలనిపించి, "అదే రైతు, అదే చెరువు, అదే బరువు, ఒక నిమిషం లోపల వస్తే డూప్లికేట్ అనుకోవచ్చు" అన్నాను. ఆ మౌనం స్క్రిప్టులో రాసే ఉంది: "జవాబు అయ్యాక పది సెకన్లు ఆగాలి. కొందరు ఆ ఖాళీలో తమ అసలు ఆలోచన బయటపెడతారు."

వెంటనే మొదటి ప్రోబ్: "ఆ నిమిషంలో నిజంగానే రెండుసార్లు ఒకే బరువు తూగితే?"

తూగుతుంది, అది నాకు బాగా తెలిసిన విషయం. ట్రేలన్నీ ఒకే లెక్కకు నింపి కాటా పెడతారు కాబట్టి వరసగా రెండు లాట్లు కిలో తేడా లేకుండా రావడం రోజూ ఉన్నదే. నిజమైన లాట్ ఒకటి మాయమైతే రైతుకు నష్టం, డూప్లికేట్ మిగిలిపోతే వ్యాపారికి నష్టం. కాబట్టి బరువును బట్టి పోల్చడం కుదరదు, ప్రతి ఎంట్రీకి తనదంటూ ఒక గుర్తింపు కావాలన్నాను. ఫోనే ఒక యూయూఐడీ తయారుచేసి రిక్వెస్ట్‌తో పంపాలి.

"ఫోన్‌లో ఎప్పుడు తయారవుతుందండి?" ఇది రెండో ప్రోబ్. పైకి చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ చాలామంది ఇక్కడే ఆగిపోతారట. పంపే ఫంక్షన్ లోపల ఐడీ తయారుచేస్తే మళ్లీ పంపినప్పుడల్లా కొత్త ఐడీ వస్తుంది, మొత్తం ఏర్పాటు ఉన్నా లేనట్టే. కొత్త ఎంట్రీ తెరిచినప్పుడే ఐడీ పుట్టాలి, ఫోన్‌లో సేవ్ అవ్వాలి, యాప్ మూసి మళ్లీ తెరిచినా అదే ఐడీతో వెళ్లాలి. ఇది సొంతంగానే చెప్పాను. నోట్‌లో వదిన నా మాటనే రాసుకుంది: "యాప్ మూసి తెరిచినా అదే ఐడీ అంది." తన పద్ధతి ఇదే, 'బాగా చెప్పింది' అని రాయదు, చెప్పిన మాటే రాస్తుంది. ఆ మాట చూసి ఇంకొకరు మార్కు వేసినా అదే రావాలంటుంది.

తర్వాత, "సర్వర్‌లో ఆ ఐడీ వచ్చిందో లేదో ఎలా చూస్తారు?"

ముందు సెలెక్ట్ చేసి, లేకపోతే ఇన్సర్ట్ చేయడం అనేది అందరికీ వచ్చే మొదటి జవాబు. మూడో ప్రోబ్ దానికోసమే సిద్ధంగా ఉంది: "రెండు రిక్వెస్టులు ఒకేసారి, రెండు వేర్వేరు సర్వర్లకు వెళ్తే?" అప్పుడు రెండూ చూస్తాయి, రెండింటికీ ఏమీ కనిపించదు, రెండూ రాసేస్తాయి. జావాలో లాక్ పెడితే ఒక సర్వర్ లోపలే పనిచేస్తుంది. నేను యూనిక్ ఇండెక్స్ పెట్టి, ఎర్రర్ వస్తే పట్టుకుంటానన్నాను. "పట్టుకుని ఏం చేస్తారు?" పాత చీటీని సెలెక్ట్ చేసి వెనక్కి ఇస్తా. "అదే ట్రాన్సాక్షన్‌లోనా?"

ఇక్కడ నాకు నిజంగా ఊపిరి అందింది, ఎందుకంటే ఆ లాగ్ నా కళ్లతో చూసినదే. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ మధ్యలో ఒక స్టేట్‌మెంట్ ఫెయిలైతే మొత్తం ట్రాన్సాక్షన్ చెడిపోతుంది. జావాలో ఎక్సెప్షన్ పట్టుకున్నా లాభం లేదు, తర్వాత రాసే సెలెక్ట్‌కు ఈ జవాబే వస్తుంది:

```
current transaction is aborted, commands ignored until end of transaction block
```

అందుకే ఎర్రర్ రాకుండానే రాయాలి. షేర్ చేసిన పేజీలో ఇది టైప్ చేశాను:

```sql
INSERT INTO weighments (request_id, pond_id, kg, count_per_kg)
VALUES ($1, $2, $3, $4)
ON CONFLICT (request_id) DO NOTHING
RETURNING id;
```

`request_id` మీద యూనిక్ ఇండెక్స్ ఉంటేనే ఇది నడుస్తుంది. ఐడీ వెనక్కి వస్తే కొత్త చీటీ. ఏమీ రాకపోతే ఆ చీటీ ముందే ఉన్నట్టు, అప్పుడు సెలెక్ట్ చేసి పాతదాన్నే ఇవ్వాలి. డూప్లికేట్ అయినప్పుడు `RETURNING` ఖాళీగా వస్తుందన్నది తెలియక చాలామంది నల్ పాయింటర్‌లో పడతారని స్క్రిప్టులో ఉంది, తను అడగకముందే నేను చెప్పాను కాబట్టి అక్కడ టిక్ పెట్టింది.

సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోంది గానీ రౌటర్ ఆ లైన్‌లో లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి మళ్లీ కాల్‌లోకి వచ్చేసరికి కొన్ని నిమిషాలు పోయాయి, ఆ తొందరలో ఎక్కడ ఆపానో మర్చిపోయాను. వదిన సమయం కలపలేదు. ఇళ్ల దగ్గర నుంచి ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లు రౌటర్ ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి, లాప్‌టాప్ ఒకసారి హాట్‌స్పాట్‌కు కలిపి పాస్‌వర్డ్ సేవ్ చేసి పెట్టుకోండి. స్క్రీన్ షేర్ హాట్‌స్పాట్ మీద తెగిపోతూ ఉంటే అది ఆపేసి షేర్ చేసిన పేజీలో టైప్ చేస్తూ మాట్లాడటం చాలా నయం.

తిరిగి వచ్చాక నాలుగో ప్రోబ్: "మొదటి రిక్వెస్ట్ ఇంకా కమిట్ కాలేదు, అదే ఐడీతో రెండోది వచ్చింది. రెండోది ఏం చేస్తుంది?" ఆలోచించి చెప్పాను. అది ఆగుతుంది. మొదటిది కమిట్ అయితే రెండోది ఏమీ రాయకుండా వెళ్లిపోతుంది, మొదటిది రోల్‌బ్యాక్ అయితే రెండోదే రాస్తుంది. డిఫాల్ట్ ఐసోలేషన్ రీడ్ కమిటెడ్ కాబట్టి తర్వాతి సెలెక్ట్‌కు అప్పటికే కమిటైన చీటీ కనిపిస్తుంది. దానికి తోడు ఒక చిన్న కొసరు అడిగింది: "మీ వ్యాపారి వచ్చి చీటీ నంబర్లు 1051 తర్వాత 1053 ఉంది, 1052 ఎవరు కొట్టేశారు అని అడిగితే?" ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. డూప్లికేట్‌గా తేలి రాయకుండా వదిలేసిన ఇన్సర్ట్ కూడా సీక్వెన్స్‌లో ఒక నంబరు వాడేసుకుంటుంది, రోల్‌బ్యాక్ అయినా ఆ నంబరు వెనక్కి రాదు. కాబట్టి టేబుల్ ఐడీని చీటీ నంబరుగా అచ్చు వేయకూడదు, వ్యాపారికి వరస తప్పని నంబరు కావాలంటే దాన్ని విడిగా, లాక్ వేసి ఇవ్వాలి. సీక్వెన్స్ సంగతి చెప్పాను, విడిగా ఇవ్వాలన్నది తను అడిగాక చెప్పాను. 3.

నేను ఆగిపోయింది ఐదో ప్రోబ్ దగ్గర. "టైమ్‌అవుట్ అయ్యాక గుమస్తా చూసుకున్నాడు, 412 కాదు 421 అని. దిద్ది మళ్లీ నొక్కాడు. ఐడీ అదే. మీ సర్వర్ ఏమంటుంది?"

నేను రాసిన దాని ప్రకారం సర్వర్ పాత 412 చీటీనే చక్కగా వెనక్కి ఇస్తుంది, గుమస్తా 421 సేవ్ అయిందనుకుంటాడు. తొమ్మిది కేజీలు ఎవరికీ తెలియకుండా పోతాయి. ఆ విషయం చెబుతున్నప్పుడే నాకు అర్థమైంది, కానీ ఏం చేయాలో తట్టలేదు. చాలాసేపు తడుముకున్నాక "ఐడీతో పాటు ఇంకేమైనా దాచొచ్చా?" అని అడిగింది. అది హింట్. అప్పుడు చెప్పాను: రిక్వెస్ట్ బాడీ హ్యాష్ కూడా చీటీతో పాటు దాచాలి. ఐడీ అదే, హ్యాష్ వేరైతే పాత చీటీ ఇవ్వకుండా తప్పు అని చెప్పాలి. ఏ స్టేటస్ కోడ్ అంటే 422 అన్నాను. కోడ్ నంబరుకు మార్కుల్లేవని, ఫోన్ ఆ తర్వాత గుమస్తాకు ఏం చూపిస్తుందన్నదానికే ఉన్నాయని నోట్. '412 కేజీలతో చీటీ ముందే నమోదైంది, దిద్దాలా?' అని చూపించి, దిద్దుబాటును ఆ చీటీ నంబరు మీద విడి రిక్వెస్ట్‌గా పంపాలి. ఇది కూడా తర్వాత వదిన చెబితేనే నాకు వచ్చింది. ఇక్కడ 2.

దీనికి ఎదురుగా ఉన్న ఇంకో నోట్ కూడా ముఖ్యం. ఐడీ అదే, బాడీ కూడా అదే అయితే మాత్రం ఎర్రర్ ఇవ్వకూడదు. కొందరు రెండోసారి వచ్చినదానికి 409 ఇస్తామంటారట. గట్టు మీద ఉన్న మనిషికి ఎర్రటి మెసేజ్ కనిపిస్తే చీటీ పడలేదనుకుని కొత్త ఎంట్రీ తెరుస్తాడు, కొత్త ఐడీ పుడుతుంది, డూప్లికేట్ మళ్లీ తయారు. మొదటిసారి ఏ జవాబు వెళ్లాల్సిందో రెండోసారీ అదే వెళ్లాలి.

ఇక మిగిలిన పది నిమిషాల్లో డబ్బు సంగతి. "చీటీ సేవ్ అవ్వగానే పేమెంట్ గేట్‌వేకి కాల్ చేసి రైతుకు డబ్బు పంపాలి. ఆ కాల్ ఎక్కడ పెడతారు?" నేను ఇన్సర్ట్ తర్వాత, అదే ట్రాన్సాక్షన్‌లో అన్నాను. "గేట్‌వే టైమ్‌అవుట్ అయితే?" రోల్‌బ్యాక్. "డబ్బు వెళ్లిపోయి ఉంటే?" అక్కడ నేను మాట్లాడలేకపోయాను. గట్టు మీద ఫోన్‌కు వచ్చిన ఇబ్బందే ఇప్పుడు మా సర్వర్‌కు వచ్చింది, జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. అరగంట ముందు నా నోటితో నేనే చెప్పిన మాట ఇక్కడికి తెచ్చుకోలేకపోయినందుకు కాల్ అయ్యాక కూడా చాలాసేపు మనసు పట్టలేదు. 2.

కాల్ పెట్టేసి పది నిమిషాల తర్వాతే వదిన పైకి వచ్చింది, మార్కులు వెంటనే రాయకపోతే చివరి పది నిమిషాలే గుర్తుంటాయట. మొత్తం మీద ఫలితం "ఇంకా కాదు" అని రాసింది. పెద్ద సమస్యలో డూప్లికేట్ ఆపడానికి 3, బాడీ తేడాకు 2, పేమెంట్‌కు 2. ఆ కాగితం చూస్తే మొదట ఏడుపొచ్చింది, కానీ 3,000 కట్టినప్పుడు దొరకనిది ఇందులో ఉంది: ఏ ప్రశ్న దగ్గర, ఏ మాటతో, హింట్‌కు ముందా తర్వాతా అన్నది. ఏం చదవాలో నాకు ఒకరు చెప్పక్కర్లేకుండా కనిపించింది. నా మొదటి జవాబులకు మార్కుల గడిలో దాదాపు ఏమీ రాయలేదు, రాసినవన్నీ ప్రోబ్‌ల పక్కనే ఉన్నాయి.

వదిన హైదరాబాద్ వెళ్లిపోయాక ఆఫీసు అయిన తర్వాత రాత్రుళ్లు పేమెంట్ భాగాన్ని నా లాప్‌టాప్‌లో చిన్న ప్రాజెక్టుగా రాసి చూశాను. చీటీ రాసే ట్రాన్సాక్షన్‌లోనే `payouts` టేబుల్‌లో `pending` అని ఒక వరస, దానికి మనదైన రిఫరెన్స్ నంబరు. కమిట్. గేట్‌వే కాల్ ఆ ట్రాన్సాక్షన్‌లో లేదు. విడిగా ఒక వర్కర్ వరస తీసుకుని, `processing` అని మార్చి కమిట్ చేసి, అప్పుడు ఆ రిఫరెన్స్‌తో గేట్‌వేకి పంపుతుంది. వర్కర్లు రెండున్నా ఒకే వరసను ఇద్దరూ తీసుకోకుండా ఇది:

```sql
SELECT id FROM payouts
WHERE status = 'pending'
ORDER BY id
LIMIT 1
FOR UPDATE SKIP LOCKED;
```

గేట్‌వే టైమ్‌అవుట్ అయితే `failed` అని రాయకూడదు, `unknown` అని రాయాలి. తర్వాత అదే రిఫరెన్స్‌తో గేట్‌వేని స్టేటస్ అడగాలి. వెళ్లిందంటే `paid`. దానికి మన రిఫరెన్స్ తెలియనే తెలియదంటే కాస్త ఆగి మళ్లీ అడిగి, అప్పుడూ లేదంటే అదే రిఫరెన్స్‌తో మళ్లీ పంపాలి, కొత్త రిఫరెన్స్‌తో ఎప్పుడూ కాదు. నకిలీ గేట్‌వే ఒకటి రాసి, డబ్బు పంపేసి జవాబు మాత్రం ఇవ్వకుండా చేశాను. మధ్యలో వర్కర్‌ను చంపేసి చూశాను. `processing` దగ్గరే ఇరుక్కుపోయిన వరసలు అప్పుడు కనిపించాయి, వాటిని కొన్ని నిమిషాల తర్వాత `unknown` లోకి మార్చే ఇంకో చిన్న పని కావాల్సి వచ్చింది. ఈ విషయం చదివితే నాకు తెలిసేది కాదు.

రెండో మాక్ ఫిబ్రవరి మొదటి ఆదివారం. ఈసారి అదే ప్రశ్న కాదు, ఐస్ ఫ్యాక్టరీ ఆర్డర్లు. లారీ డ్రైవర్ ఒకే ఆర్డర్‌కు రెండుసార్లు ఐస్ లోడ్ చేయించుకున్నాడు, ఎలా ఆపుతారు అని. వేషం మారినా లోపల ఉన్నది అదే. పేమెంట్ వైపు 3 వచ్చింది. కొత్తగా అడిగింది ఒకటే: "ఇది పనిచేస్తోందని నాకు ఎలా చూపిస్తారు?" ఇరవై థ్రెడ్లు ఒకే ఐడీతో ఒకేసారి కొట్టాలి, టేబుల్‌లో ఒకటే వరస ఉండాలి, ఇరవై జవాబుల్లోనూ ఒకే ఆర్డర్ నంబరు ఉండాలి అన్నాను. ప్రొడక్షన్‌లోనైతే? పాత చీటీ వెనక్కి ఇచ్చిన ప్రతిసారీ ఒక కౌంటర్ పెంచుతాను, అది ఒక్కసారిగా పెరిగితే సిగ్నల్ పోయిందో యాప్‌లో బగ్ వచ్చిందో చూడాలి, సీజన్ పీక్‌లోనూ అది సున్నా దగ్గరే ఉంటే ఫోన్ ప్రతిసారీ కొత్త ఐడీ పంపుతోందేమోనని అనుమానించాలి అన్నాను. ఈ చివరి మాటకు 4 వేసింది. ఫోన్‌లోనే "అమ్మాయ్, ఇప్పుడు వెళ్లు ఇంటర్వ్యూకి" అంది.

అసలు ఇంటర్వ్యూ ఫిబ్రవరి మూడో వారంలో జరిగింది. అక్కడ కూపన్ ఒకటి రెండుసార్లు వాడేసుకోవడం గురించి అడిగారు. యూనిక్ ఇండెక్స్, పాత జవాబు తిరిగి ఇవ్వడం దాకా నేను ఆగకుండా వెళ్లాను, బాడీ తేడా సంగతి వాళ్లు అడగకముందే చెప్పాను. వదిన స్క్రిప్టులో లేని ప్రశ్న ఒకటి వచ్చింది: "ఈ ఐడీలు ఎన్నాళ్లు ఉంచుతారు?" కొంచెం ఆలోచించి, ఐడీ రికార్డులోనే ఒక కాలమ్ అయితే రికార్డు ఉన్నన్నాళ్లూ ఉంటుంది, విడి టేబుల్‌లో పెడితే క్లయింట్ మళ్లీ పంపే అవకాశం ఉన్న గరిష్ఠ సమయం కంటే ఎక్కువ ఉంచాలన్నాను. మా ఫోన్లు గట్టు మీద సిగ్నల్ లేక ఎంట్రీని దాచుకుని మర్నాడు ఊళ్లోకి వచ్చాక పంపుతాయి, కాబట్టి గంటకే చెరిపేస్తే కుదరదని ఉదాహరణ ఇచ్చాను. అవతలాయన రాసుకోవడం కనిపించింది.

ఆరు రోజులు ఏ కబురూ లేదు. మెయిల్ ఒకసారి పెట్టాను, జవాబు రాలేదు. ఏడో రోజు సాయంత్రం హెచ్‌ఆర్ ఫోన్ చేసి ఆ రౌండ్ అయిందని, తర్వాతది మేనేజర్‌తో వచ్చే గురువారమని చెప్పారు. వదినకు చెబితే, ఆ రౌండ్‌కు వేరే స్క్రిప్టు కావాలి, ఆదివారం రాత్రి తొమ్మిదికి కాల్‌లోకి రా అంది.